నేల కింద సుడి: నా లెక్క ఎక్కడ తప్పింది

ఎంటెక్‌లో ఉన్నప్పుడు నాకిచ్చిన అసైన్‌మెంట్ ఇది. విమానం రెక్క చివర నుంచి వచ్చిన ఒక సుడి నేలకు h = 20 మీటర్ల ఎత్తులో తిరుగుతోంది, సర్క్యులేషన్, అంటే సుడి బలం, Γ = సెకనుకు 300 చదరపు మీటర్లు, అపసవ్య దిశలో. అది నేల మీద ఎటు, ఎంత వేగంతో కదులుతుందో చెప్పాలి.

పద్ధతి తెలిసిందే. నేలను తీసేసి, దాని కింద 20 మీటర్ల లోతున ఒక ప్రతిబింబాన్ని పెట్టాలి. రెండింటి వేగాలూ కలిపితే నేల గుండా గాలి దాటకూడదు. ముందు రోజు సోర్స్ లెక్క చేశాను, అంటే అన్ని వైపులకూ గాలిని చిమ్మే బిందువు లెక్క. అందులో ప్రతిబింబానికీ అదే ప్లస్ గుర్తు. ఆ ఊపులో సుడి ప్రతిబింబానికీ సుడి గుర్తే పెట్టేశాను, అంటే రెండూ ఒకే వైపు తిరిగేలా.

సరిచూసుకున్నాను కూడా, కానీ సుడికి సరిగ్గా కింద, x = 0 దగ్గర. నిలువు వేగం సున్నా, అడ్డ వేగం కూడా సున్నా. నేలకు గాలి అంటుకుని ఆగిందనుకుని మురిసిపోయాను. అసలు అనుమానించాల్సింది అక్కడే. ఈ పద్ధతిలో రాపిడి లేదు, గాలి నేల వెంట జారాలి. నిలువు వేగమంటారా, అక్కడ ఏ గుర్తు పెట్టినా సున్నానే!

పక్కకు 20 మీటర్లు జరిగి చూస్తే బండారం బయటపడింది. సెకనుకు 2.39 మీటర్ల వేగంతో గాలి నేలలోంచి పైకి వస్తోంది. గుర్తు మార్చాక అక్కడ నిలువు వేగం సున్నా అయింది, ఆ 2.39 నేల వెంట వేగంగా మారింది. x = 0 దగ్గర అది 4.77.

వాన నీటి మడుగులో సైకిల్ చక్రం నీడను గుర్తు చేసుకుంటే చాలు, పైన చక్రం ఎటు తిరిగితే నీడ దానికి ఎదురు తిరుగుతుంది. సోర్స్‌ది అలా కాదు. బయటికి చిమ్మేదాని నీడ కూడా బయటికే చిమ్ముతుంది.

కదలిక లెక్కలో ఇంకోసారి పడ్డాను. సుడి తనను తాను నెట్టుకోదు, దాన్ని నెట్టేది ప్రతిబింబం ఒక్కటే. వాటి మధ్య దూరం h కాదు, 2h:

V = Γ/(4πh) = 300/(4π × 20) ≈ 1.19 మీ/సె

నేను h వేసి రెట్టింపు తెచ్చుకున్నాను. దిశ కుడివైపు. తమాషా ఏమిటంటే, అపసవ్యంగా తిరిగే చక్రాన్ని నేల మీద పెడితే ఎడమకు దొర్లుతుంది, సుడి మాత్రం దానికి ఎదురు పోతుంది.

వెనక నుంచి చూస్తే ఇది కుడి రెక్క సుడి, అంటే రన్‌వే నుంచి బయటికి జరుగుతుంది. కానీ కుడి నుంచి సెకనుకు సుమారు 1.2 మీటర్ల అడ్డగాలి వీస్తే రన్‌వే మీదే నిలిచిపోతుంది. ఈ లెక్కలో ఎత్తు 20 దగ్గరే ఉండిపోతుంది. నిజమైన నేల మీద అలా ఉండదు. రాపిడి వల్ల నేలనంటిన పలుచని గాలి పొర ఊడి, ఎదురు సుడిగా పైకి లేచి, అసలు సుడిని మళ్లీ పైకి ఎత్తుతుంది. ప్రతిబింబం దాన్ని చూపించలేదు.