పేరు, ముఖం లేకుండా మేనకోడలి మొదటి ఫొటో: నా అనుభవం

మా తమ్ముడికి ఆడబిడ్డ పుట్టింది. కాన్పు మహబూబ్‌నగర్‌లో అయింది. బంధువులకు చెప్పే పని మేనత్తగా నా మీద పడింది. ఆసుపత్రి మంచం మీది నుంచే మరదలు ఒక్క మాట అన్నది: "వదినె, మొఖం పెట్టకు, పేరు చెప్పకు. తొట్టెల దాకా ఆగుదాం." తమ్ముడిని వేరుగా అడిగితే వాడిదీ అదే మాట. ఇద్దరినీ విడివిడిగా అడగడం మంచిది, ఒకరి ముందు ఒకరు మొహమాటపడతారు.

వాట్సాప్ స్టేటస్ కంటే ముందు రెండు వైపుల పెద్దలకూ ఫోన్ చేసి చెప్పాను. వియ్యంకులకు ఈ కబురు స్టేటస్‌లో తెలిస్తే అది ఏళ్లపాటు మనసులో ఉండిపోతుంది.

ఫొటో తేలికే. బిడ్డ పిడికిలి తల్లి వేలిని పట్టుకున్నది తీసి, ముఖం ఉన్న భాగం కత్తిరించేశాను. స్టిక్కర్ అంటిస్తే చెంప, జుట్టు బయట ఉండనే ఉంటాయి, "ఎవరి పోలిక" అని చర్చ మొదలవుతుంది. చేతికి ఆసుపత్రి వాళ్లు కట్టిన పట్టీని మాత్రం పెద్దది చేసి చూడండి. మాకు కట్టినదాని మీద తల్లి పేరు, పుట్టిన సమయం, బరువు అన్నీ ఉన్నాయి. దాన్నీ కత్తిరించాను.

నన్ను తిప్పలు పెట్టింది ఫొటో కింద రాసిన మాట. మొదట ఇలా పెట్టాను: "శుక్రవారం తెల్లవారి 4.10కి మా ఇంటికి లక్ష్మి వచ్చింది."

ఆడపిల్ల పుడితే మన దగ్గర అందరూ అనే మాటే కదా అనుకున్నాను. పావుగంటలో మొదటి జవాబు వచ్చింది, "లక్ష్మి అని పెట్టిండ్రా? మంచిగున్నది." తర్వాత వరుసగా అవే జవాబులు. మధ్యాహ్నానికి ఊర్లో ఉన్న మా పెద్దమ్మ ఫోన్ చేసి, "మాకు ఒక్క మాట చెప్పకుండనే పేరు వెట్టుకున్నరా?" అని కోపం చేసింది. మరదలు ఆ ఫోన్ మాటలన్నీ పక్క మంచం మీద నుంచి వింటూనే ఉంది. పేరు రాయొద్దన్న తల్లి ముందే నేను బిడ్డకు పేరు పెట్టినట్టయింది. తలెత్తుకోలేకపోయాను.

పేరుగా వినిపించే మాట ఏదీ రాయకూడదని అప్పుడు అర్థమైంది. లక్ష్మి, మహాలక్ష్మి, బంగారు, చిన్ని, బుజ్జి, అన్నీ అంతే. ముద్దుమాటైనా సరే, ఒకసారి నలుగురి నోట పడితే అదే నిలిచిపోతుంది.

రెండో తప్పు సమయం రాయడం. మా బంధువుల్లో పంచాంగం చూసేవాళ్లు ఉన్నారు. ఒక నక్షత్రం ఇంచుమించు ఒక రోజు ఉంటుంది, దాంట్లో ఒక్కో పాదం దాదాపు ఆరు గంటలు. తేదీ ఒక్కటే ఉంటే నక్షత్రాన్ని మాత్రం ఊహించగలరు. సమయం కూడా ఇస్తే పాదం తేలిపోతుంది, పాదంతో పాటే పేరు మొదటి అక్షరం. రోహిణే తీసుకోండి. నాలుగు పాదాలకు ఓ, వా, వీ, వూ. రెండో పాదమని తెలిసిందంటే 'వా'తో పేర్ల జాబితాలు వచ్చిపడతాయి. మాకు సాయంత్రానికల్లా పదకొండు పేర్లు వచ్చాయి. తల్లిదండ్రులు మనసులో అనుకున్న పేరు వాటిలో ఉంటే వాళ్ల ఆనందం అక్కడే పోతుంది.

స్టేటస్ 24 గంటల్లో దానంతటదే పోతుంది కదా అని వదిలేయకండి. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే మనకు కబురు రాదు. నేను మొత్తం తీసేసి మళ్లీ పెట్టాను. ఈసారి స్టేటస్ ప్రైవసీలో `Only share with...` ఎంచుకుని దగ్గరివాళ్లనే పెట్టాను. మార్చి రాసింది ఇది:

"మా తమ్ముడికి, మరదలికి ఆడబిడ్డ పుట్టింది. తల్లీబిడ్డ క్షేమం. పేరు, ముఖం తొట్టెల రోజు అమ్మానాన్నలే చూపిస్తారు. అప్పటిదాకా మీ దీవెనలు పంపండి."

మూడో వాక్యం చాలా పని చేసింది. ఉత్త "ఫొటో అడగొద్దు" అంటే బంధువులు నొచ్చుకుంటారు. ఎప్పుడు, ఎవరు చూపిస్తారో చెబితే ఆగుతారు. ఆసుపత్రి పేరు, వార్డు, బరువు రాయలేదు. వార్డు రాస్తే జనం గుంపుగా వస్తారు. బరువు రాస్తే "తక్కువున్నదే" అని బాలింతను బాధపెట్టేవాళ్లు ఒకరైనా ఉంటారు.

అయినా మా బాబాయి ఒకాయన వదల్లేదు. "జనన ధ్రువపత్రానికి పేరు కావాలె కదా, దాచుడెందుకు?" అని మరదలినే అడిగాడు. పేరు లేకుండానే జననం నమోదవుతుంది. నమోదు 21 రోజుల్లోపు చేయించాలి. పేరును తర్వాత 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, అది దాటితే ఆలస్య రుసుము కట్టాలి. ఇది చెప్పాక ఆయన ఊరుకున్నాడు. బాలింతను అడిగే ముందు నన్ను అడిగి ఉండాల్సింది.

తొట్టెల ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ రోజు ఫొటో నేను పెట్టను, మరదలే పెడుతుంది. పెద్దమ్మ మాత్రం నిన్న కూడా ఫోన్‌లో, "లక్ష్మి పాలు మంచిగ తాగుతున్నదా?" అని అడిగింది.