ఓనరు గారి ఉత్తరం

ఓనరు గారి నుంచి ఉత్తరం వచ్చింది. కొడుకు కుటుంబంతో తిరిగొస్తున్నాడట, ఇల్లు వాళ్లకే కావాలి, గడువు తీరాక అగ్రిమెంటు రెన్యూ చేయరు. మర్యాదగానే రాశారు. అయినా చదివాక కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. పిల్లలు ఇక్కడే పెరిగారు మరి.

రాత్రి అగ్రిమెంటు పక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. అందులో నోటీసు 2 నెలలు. ఉత్తరం మీద వేసిన తేదీ నుంచి కాదు, నా చేతికి అందిన తేదీ నుంచి లెక్క. చూస్తే సరిగ్గానే ఉంది, ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు.

ఉత్తరంలో లేనిదల్లా అడ్వాన్సు సంగతే. అందుకే జవాబు రాతపూర్వకంగా ఇచ్చాను: ఉత్తరం ఫలానా రోజు అందింది, ఫలానా రోజు తాళాలిస్తాను, ఆ ముందు వారం ఇద్దరం కలిసి ఇల్లు చూద్దాం, అడ్వాన్సులో కోతలుంటే అప్పుడే కాగితం మీద రాసుకుందాం. ఇన్నేళ్లకు రంగు వెలిసిపోవడం వాడకమే, పాడుచేయడం కాదు. పగిలిన వాష్ బేసిన్ మాత్రం నా ఖాతాలోదే. చివరి నెల అద్దె అడ్వాన్సులో సర్దుకోమని చాలామంది సలహా ఇస్తారు. ఓనరు ఒప్పుకోకుండా అలా చేస్తే అది బాకీ కిందే లెక్క, గొడవ అక్కడే మొదలవుతుంది.

పొద్దున ఆయన ఫోన్ చేసి "అలాగేనమ్మా, నువ్వన్నట్టే చేద్దాం" అన్నారు. ఆ మాటే మెసేజ్‌లో పెట్టమన్నాను.