తడితేనే పనిచేసే బోర్డు: డ్రై సోల్డరా, డిజైన్ లోపమా?

మా మేనల్లుడు డిప్లొమా చదువుతున్నాడు. మేడ మీది ట్యాంకు కోసం వాటర్ లెవెల్ కంట్రోలర్ సర్క్యూట్ తనే గీసుకుని, ఇంట్లోనే ఫెర్రిక్ క్లోరైడ్‌లో ఎచింగ్ చేసి, ఒకేలాంటి బోర్డులు రెండు తయారుచేశాడు. రెండింటిలోనూ ఒకటే గొడవ. ట్యాంకు ఖాళీ అయినా రిలే ఆన్ కాదు, వేలితో బోర్డును తడితే టక్కున ఆన్ అవుతుంది. వాటిలో ఒకదానికి ఇంకో జబ్బు కూడా ఉంది. ఆన్ అయిన రిలే మధ్యలో వదిలేస్తుంది, మళ్లీ తడితే పట్టుకుంటుంది.

"మావయ్యా, డ్రై సోల్డరే అయ్యుంటుంది, ఏదో జాయింట్ సరిగా పట్టలేదు. అన్ని జాయింట్లూ ఇంకోసారి కాల్చేద్దామా?" అన్నాడు.

వద్దన్నాను. అన్నింటినీ ఒకేసారి కాల్చేస్తే తప్పు ఎక్కడుందో చెప్పే ఆధారం కూడా పోతుంది. పైగా ఆ పనిలో బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ తేమ పీల్చుకుంటే రెండు ట్రాక్‌ల మధ్య సన్నటి లీకేజీ దారి ఏర్పడవచ్చు. అప్పుడు డిజైన్ లోపం ఉన్న బోర్డు కూడా కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత మళ్లీ మొదలవుతుంది.

ముందుగా మోటారు వైర్లు పూర్తిగా తీసేశాం. 230 వోల్టులు ఉన్న బోర్డును తడుతూ పరీక్ష చేయడం ప్రాణాలతో చెలగాటం. 12 వోల్టుల అడాప్టర్ మాత్రం ఉంచి, రిలే చప్పుడు వింటూ పనిచేశాం.

సర్క్యూట్ చిన్నదే. సీడీ4011 ఐసీలో నాలుగు నాండ్ గేట్లు ఉంటాయి. రెండు గేట్లు కలిపి, ఒకసారి ఆన్ అయితే ఆపేదాకా అలాగే నిలిచే లాచ్‌గా వాడాడు. మూడో గేటు, ట్యాంకులోని కింది ప్రోబ్ నుంచి వచ్చే సిగ్నల్‌ను తిరగేసి లాచ్‌కు ఇస్తుంది. లాచ్ అవుట్‌పుట్‌కు ఒక ఎల్ఈడీ, బీసీ547 ట్రాన్సిస్టర్ ద్వారా రిలే. ఆ ఎల్ఈడీ పెట్టడం మాకు ఎంతో మేలు చేసింది. రిలే ఆగిన ప్రతిసారీ ఎల్ఈడీ వైపు చూడమన్నాను. మొదటి జబ్బులో ఎల్ఈడీ కూడా ఆరి ఉంటోంది, తడితే రెండూ కలిసి వస్తున్నాయి. రెండో జబ్బులో ఎల్ఈడీ వెలుగుతూనే ఉంది, రిలే ఒక్కటే పడిపోతోంది. అంటే ఇవి ఒకే తప్పుకు రెండు రూపాలు కావు. ఒకటి లాచ్‌కు ముందు ఉంది, ఇంకోటి లాచ్ తర్వాత.

ఇక అసలు పరీక్ష. వేలితో తట్టడం మానేసి, ఎండిన వెదురు పుల్లతో తట్టాం. వేలు తగిలినప్పుడు రెండు పనులు జరుగుతాయి. బోర్డు కదులుతుంది, దాంతోపాటు మన ఒంట్లోకి చేరిన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ హమ్ కూడా సర్క్యూట్‌లోకి వెళ్తుంది. పొడి పుల్ల అయితే కదపడం ఒక్కటే చేస్తుంది. కాబట్టి పుల్లతో తట్టినా రిలే స్పందిస్తే తప్పు జాయింట్‌లోనో ట్రాక్‌లోనో ఉంటుంది. పుల్లకు ఉలకక వేలికి మాత్రం స్పందిస్తే ఆ తప్పు చాలావరకు సోల్డర్‌ది కాదు.

మొదటి జబ్బు ఒక్కటే ఉన్న బోర్డును పుల్లతో మూలమూలా తట్టాం. ఏమీ కాలేదు. తర్వాత మేనల్లుడు వేలిని ఐసీ ఒకటో పిన్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంకా తగలకముందే ఎల్ఈడీ వెలిగింది! చెయ్యి దగ్గరకొచ్చిన సంగతి డ్రై సోల్డర్‌కు తెలిసే అవకాశమే లేదు. ఆ పిన్ ఎటూ కట్టకుండా గాల్లో తేలుతోందన్నమాట.

ఒకటో పిన్ కింది ప్రోబ్‌కు వెళ్తుంది. నీళ్లు ఉన్నంతసేపూ ప్రోబ్ నీటి ద్వారా గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది, కాబట్టి పిన్ లో స్థితిలో, అంటే సున్నా వోల్టుల దగ్గర ఉంటుంది. నీళ్లు దిగిపోయాక దాన్ని హైకి లాగడానికి ఒక రెసిస్టర్ ఉండాలి. పై ప్రోబ్‌కు 1 మెగా ఓమ్ పెట్టాడు, దీనికి పెట్టలేదు. ఎందుకని అడిగితే, "ల్యాబ్‌లో ఇన్‌పుట్ ఖాళీగా వదిలేస్తే హైగానే తీసుకునేది కదా" అన్నాడు. వాడు చెప్పింది నిజమే, కానీ ల్యాబ్‌లోది టీటీఎల్ 7400. అందులో ఖాళీ ఇన్‌పుట్ హైలాగే ప్రవర్తిస్తుంది. 4011 సీమాస్ ఐసీ. దాని ఇన్‌పుట్ దాదాపు కరెంటే తీసుకోదు, అందుకే చివరగా ఉన్న వోల్టేజీయే కాసేపు అలా నిలిచిపోతుంది. ఇక్కడ చివరగా ఉన్నది లో వోల్టేజీ. వేలు తెచ్చిన హమ్ ఒక్క క్షణం సగం సప్లై దాటించినా లాచ్ సెట్ అవుతుంది, ఇక ట్యాంకు నిండేదాకా వదలదు. ఒక్క దెబ్బకే బోర్డు బాగైపోయినట్టు కనిపించేది అందుకే.

ఇలాంటి పిన్ మీద మల్టీమీటర్ పెట్టి చూసి నమ్మకూడదు. మామూలు డిజిటల్ మీటర్ లోపల 10 మెగా ఓమ్‌ల దాకా రెసిస్టెన్స్ ఉంటుంది, తేలుతున్న పిన్‌ను అదే కిందికి లాగేస్తుంది. మీటర్ పెడితే బోర్డు తీరు మారిందంటే అది కూడా ఒక ఆనవాలే. మేము 12 వోల్టుల నుంచి ఒకటో పిన్‌కు 1 మెగా ఓమ్ రెసిస్టర్ తగిలించి చూశాం. ఎల్ఈడీ వెంటనే వచ్చింది. రెండో బోర్డులోనూ అంతే.

రెండు బోర్డుల్లోనూ ఒకే చోట ఒకే జబ్బు వస్తే గీసిన బొమ్మనే అనుమానించాలి. ఒకదానిలోనే వస్తే చేతి పని. ఇది చాలావరకు నిజమే కానీ ఎప్పుడూ కాదు. ఎందుకో రెండో జబ్బులో తెలిసింది.

రిలే పడిపోతున్న బోర్డును పుల్లతో తట్టినప్పుడు, రిలే పక్కన తాకితేనే అది స్పందించింది. కాయిల్ పిన్‌ను మెల్లగా నొక్కితే పట్టుకుంటోంది, వదిలితే పోతోంది. ఇక్కడ కంటిన్యుటీ బజర్ మోసం చేస్తుంది. ప్రోబ్‌తో సోల్డర్ మీద నొక్కగానే పగులు మూసుకుని బజర్ మోగుతుంది. అందుకే రిలే ఆన్‌లో ఉండగా మీటర్‌ను మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబ్‌ను సోల్డర్ పైకి పొడుచుకొచ్చిన పిన్ కొసకు, ఇంకోదాన్ని కొంచెం దూరంగా రాగి మీద తేలిగ్గా ఆనించాం. కాయిల్ 400 ఓమ్‌లు, అంటే 30 మిల్లీయాంపియర్ల కరెంటు. మంచి జాయింట్ మీద మీటర్ దాదాపు సున్నా చూపాలి. ఒక్క ఓమ్ ఉన్నా 30 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. మాకు అంకెలు పదుల నుంచి వందల్లోకి గెంతుతూ కనిపించాయి. భూతద్దంలో చూస్తే పిన్ చుట్టూ వెంట్రుకంత గుండ్రటి గీత. జాయింట్ మెరవకపోవడం కంటే ఈ గీతే నమ్మదగిన గుర్తు, ఎందుకంటే లెడ్ లేని సోల్డర్ బాగున్నా మసకగానే ఉంటుంది.

ఆ పిన్ 12 వోల్టుల వెడల్పాటి రాగి పరుపులో నాలుగు వైపులా కలిసిపోయి ఉంది. వాడిది 25 వాట్ల ఐరన్. వేడి అంతా రాగిలోకి పోయి పిన్ సరిగా కాగలేదు. ఇంకో బోర్డులో ఆ జాయింట్ ఇంకా పట్టే ఉంది, కానీ భూతద్దంలో అక్కడా గీత మొదలైంది. కాల్చిన చెయ్యి ఒక్కదాన్ని అంటే సరిపోదు, ప్యాడ్ అలా గీయడమూ కారణమే.

పాత సోల్డర్ పీల్చేసి, పిన్‌ను గీకి, ప్యాడ్ చుట్టూ రాగిని కత్తితో కోసి నాలుగు సన్నని కాళ్లు మాత్రం మిగిల్చాం. ఫ్లక్స్ రాసి మళ్లీ కాల్చితే ఈసారి సోల్డర్ పిన్ మీదికి ఎక్కింది. మీటర్‌లో సున్నా నిలిచింది. ఒకవేళ కాల్చాక కూడా పుల్లకు కదులుతుంటే ట్రాక్‌లో పగులు వెతికేవాళ్లం. ఇంట్లో ఎచింగ్ చేసిన బోర్డుల్లో అది మామూలే, వెనక నుంచి లైటు వేస్తే కనిపిస్తుంది.

తర్వాత రెండు బోర్డులకూ ఒకటో పిన్ దగ్గర 1 మెగా ఓమ్, మేడ దాకా వెళ్లే పొడుగు వైరు హమ్ పట్టకుండా గ్రౌండ్‌కు 104 కెపాసిటర్ వేశాం. వాడకుండా వదిలేసిన నాలుగో గేటు ఇన్‌పుట్లు 12, 13 పిన్నులు కూడా గాల్లోనే ఉన్నాయని అప్పుడే చూశాం. వాటినీ గ్రౌండ్‌కు కట్టేశాం.