అమ్మమ్మ ముక్కుపుడక

పెళ్లిలో ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫోటో. అమ్మమ్మ ముఖం అప్పడంలా చదునుగా వచ్చింది. ముందు ఏఐ రీలైట్‌కి ఇచ్చా. ఎడమవైపు నుంచి వెలుగు ఇమ్మంటే ఇచ్చింది కానీ బుగ్గల మీద ముడతలు సగం మాయం! ముక్కు నీడ కుడికి బారెడు పడింది, ముక్కుపుడక మాత్రం ఇంకా ఎదురు ఫ్లాష్‌కే మెరుస్తోంది. ఇంకెవరూ పట్టుకోకపోయినా అమ్మ పట్టేస్తుంది.

ఇక ఫోటోషాప్‌లో చేత్తోనే. కర్వ్స్ లేయర్‌లో గీతని కొంచెం కిందికి లాగి, బ్లెండ్ మోడ్ లూమినాసిటీ పెట్టా. లేకపోతే ముదురు చేసిన చోట చర్మం ఎర్రబడుతుంది. మాస్క్‌ని నల్లగా నింపి, ఫోటోలో కుడివైపు చెవి నుంచి ముక్కు దాకా కరిగిపోయేలా తెల్ల గ్రేడియంట్ గీశా. అది ముఖానికి కర్టెన్ వేసినట్టు తిన్నగా పడింది. గ్రేడియంట్‌కి బుగ్గ ఎక్కడుందో ఏం తెలుసు? మెత్తటి నల్ల బ్రష్‌తో, ఫ్లో 10 శాతం పెట్టి, బుగ్గ ఎముక మీద నీడని తుడిచా. దవడ కింద తెల్ల బ్రష్‌తో కాస్త కలిపా.

రాత్రి 60 శాతం ఒపాసిటీ బ్రహ్మాండంగా అనిపించింది. పొద్దున చూస్తే బుగ్గకి మసి అంటినట్టుంది. 35కి తగ్గించా. నీడ ఇంత లేతగా ఉంటే ముక్కుపుడక మెరుపుతో పేచీ లేదు, దాన్ని ముట్టుకోలేదు.