స్ప్రింగుల పెట్టె, ఒంటి తీగ

ఆదివారం. పొద్దున కాఫీ తాగుతుండగానే స్నేహితుడు తన పాత గిటార్ ఆంప్లిఫయర్ మోసుకొచ్చాడు. శబ్దం వస్తోంది కానీ హాలులో మోగినట్టు ప్రతిధ్వని కలిపే రివర్బ్ పలకడం లేదట. సాయంత్రం వచ్చి తీసుకుంటానని పెట్టి వెళ్లాడు.

వెనక చెక్క విప్పాను. అడుగున ఒక నల్లటి సంచి, దానిలో అడుగున్నర పొడవున్న రేకు పెట్టె. పెట్టెలో సన్నటి ఉక్కు స్ప్రింగులు రెండు, ఈ చివర నుంచి ఆ చివరకు వేలాడుతున్నాయి. గిటార్ రివర్బ్ అంటే మొత్తం ఇంతే. ఒక చివర స్ప్రింగుకు చిన్న అయస్కాంతం అతికించి ఉంటుంది. దాని పక్కనున్న తీగచుట్టలోకి గిటార్ నుంచి వచ్చే విద్యుత్తు వెళ్తే అయస్కాంతం అటూ ఇటూ మెలితిరుగుతుంది, ఆ మెలిక స్ప్రింగు వెంట పరుగు తీసి రెండో చివరకు చేరుతుంది. అక్కడున్న మరో తీగచుట్ట దాన్ని మళ్లీ విద్యుత్తుగా మారుస్తుంది. చేరిన మెలిక అంతటితో ఆగదు. వెనక్కి వెళ్తుంది, మళ్లీ వస్తుంది, ప్రతి విడతకూ కొంత బలహీనపడుతుంది. చెవికి అది పెద్ద హాలులో మోగుతున్నట్టు తోస్తుంది.

అయితే హాలు ప్రతిధ్వనికీ దీనికీ ఒక తేడా ఉంది. గాలిలో హెచ్చు స్థాయి, తగ్గు స్థాయి స్వరాలు ఒకే వేగంతో వస్తాయి. స్ప్రింగులో అలా రావు, కొన్ని ముందు, కొన్ని వెనక చేరతాయి. అందుకే స్వరం మొదట్లో టక్కున మీటినప్పుడు ఆ దెబ్బ ఒకేసారి వినిపించకుండా సాగి, నీటి బొట్టు పడినట్టు 'టిక్యూ' అంటుంది. గిటార్ వాయించేవాళ్లు దీన్నే డ్రిప్ అంటారు. అలల మీద పలకలతో ఆడే పిల్లల మధ్య కాలిఫోర్నియాలో పుట్టిన గిటార్ సంగీతం సర్ఫ్ రాక్. ఆ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఈ తడి శబ్దమే.

పెట్టెలో లోపమేమీ లేదు. తీగ చివర పిన్నుకు తుప్పు పట్టింది, గీకి బిగించాను. పనిచేస్తోందో లేదో చూడటానికి పెట్టెను వేలితో తట్టితే గది నిండా ఉరుము ఉరిమింది. స్ప్రింగులు ఒకదానికొకటి తగిలినప్పుడు వచ్చే ఆ శబ్దం ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరిస్తుంది.

మధ్యాహ్నం భోజనం తర్వాత పాత రికార్డింగులు పెట్టుకుని వరుసగా విన్నాను. సర్ఫ్ రాక్‌లో ఈ తడి శబ్దం ముందు పుట్టిందా, వేగంగా మీటడం ముందు పుట్టిందా అన్నది ఎప్పటి నుంచో నన్ను వదలని ప్రశ్న. విన్నకొద్దీ జవాబు స్పష్టంగానే ఉంది. మీటడమే ముందు.

1961 వేసవి. దక్షిణ కాలిఫోర్నియాలో న్యూపోర్ట్ బీచ్ దగ్గర బాల్బోవా అనే ఇసుక మేట, దాని మీద రాందెవూ బాల్‌రూమ్ అనే పెద్ద నాట్యశాల. పెద్ద బ్యాండ్ల కాలం పోయాక అది వెలవెలబోతోంది. డిక్ డేల్ అనే కుర్రవాడు అంతకుముందు దగ్గర్లోని ఒక ఐస్‌క్రీమ్ దుకాణంలో వాయించేవాడు. జనం పట్టక ఆ హాలు అడిగాడు. మద్యం అమ్మకూడదు, వచ్చేవాళ్లు పద్ధతిగా దుస్తులు వేసుకోవాలి అన్న షరతులతో నగర పెద్దలు ఒప్పుకున్నారు. పట్టేది మూడు వేల మంది. పగలంతా అలల మీద గడిపిన పిల్లలు రాత్రికి అక్కడ చేరి, చెక్క నేల అదిరేలా కాళ్లు తాటించేవారు. ఆ సభలకు స్టాంప్ అని పేరు.

ఆ పిల్లలు అంతమంది ఎక్కడి నుంచి వచ్చారంటే, అప్పటికి నాలుగైదేళ్లుగా అలల మీద నిలబడి జారే పలకల తయారీయే మారిపోయింది. బరువైన చెక్కకు బదులు నురుగు ప్లాస్టిక్ వాడటంతో పలకలు తేలికయ్యాయి, ఆడపిల్లలూ మోయగలిగారు. 1959లో వచ్చిన 'గిడ్జెట్' సినిమా ఆ ఆటను దేశమంతటికీ చూపించింది. యుద్ధం తర్వాత పుట్టిన తరం సరిగ్గా అప్పుడే పదిహేను, పదహారేళ్ల వయసుకు వచ్చింది. వాళ్లకు కావలసింది కూర్చుని వినే పాట కాదు.

డేల్ అసలు పేరు రిచర్డ్ మన్సూర్. బోస్టన్‌లో పుట్టాడు, తండ్రి వైపు వాళ్లు లెబనాన్ నుంచి వచ్చినవారు. బాబాయి ఊద్ అనే అరబ్బు తీగవాద్యం వాయించేవాడు. డేల్ చిన్నప్పుడు అరబ్బుల తరబకీ డోలు నేర్చుకున్నాడు. ఆ డోలు మీద వేళ్లు పరుగెత్తించిన చెయ్యే తర్వాత గిటార్ మీదికి వచ్చింది. పైగా ఎడమచేతి వాటం. కుడిచేతి గిటార్‌ను తిప్పి పట్టుకుని, తీగలు మార్చకుండా అలాగే వాయించాడు. అంటే అందరికీ పైన ఉండే మందపు తీగ అతనికి కింద ఉంటుంది. ఆ తీగలు కూడా మామూలువి కావు. ఇప్పుడు చాలామంది వాడే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిది, పది వంతులైతే, అతని సన్న తీగే పదహారు వంతులు. తీగలు మీటే ప్లాస్టిక్ పిక్కులు ఆ తీగల మీద అరిగి, కచేరీ మధ్యలోనే మొద్దుబారిపోయేవట.

మూడు వేల ఒళ్లు శబ్దాన్ని పీల్చేసుకునే హాలులో అప్పటి ఆంప్లిఫయర్లు నిలవలేదు. స్పీకర్లు చిరిగాయి, లోపలి భాగాలు కాలిపోయాయి. అక్కడికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఫుల్లర్టన్‌లో గిటార్లు, ఆంప్లిఫయర్లు తయారుచేసే లియో ఫెండర్ కార్ఖానా ఉంది. డేల్ కాల్చడం, లియో బాగుచేసి మరింత బలంగా కట్టడం, డేల్ మళ్లీ కాల్చడం. ఒక రాత్రి లియో, ఆయన సహచరుడు ఫ్రెడ్డీ టవారెస్ స్వయంగా హాలుకు వచ్చి జనం మధ్యలో నిలబడి విన్నాక గానీ సంగతి అర్థం కాలేదని డేల్ చెప్పేవాడు. చివరకు పదిహేను అంగుళాల జేబీఎల్ స్పీకర్‌తో షోమన్ అనే ఆంప్లిఫయర్ ఆ పరీక్షకు తట్టుకుంది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఈ దగ్గరితనమే. వాయించేవాడు, తయారుచేసేవాడు ఒకరికొకరు కారు ప్రయాణమంత దూరంలో ఉండటం వల్లనే ఆ శబ్దం అంత త్వరగా రూపు దిద్దుకుంది.

1961 సెప్టెంబరులో వచ్చిన డేల్ రికార్డు 'లెట్స్ గో ట్రిప్పిన్' వినండి. సర్ఫ్ సంగీతంలో మొదటిదని చాలామంది చెప్పేది దాన్నే. అందులో తడి శబ్దం లేదు! గిటార్ పొడిగా, గట్టిగా, ముక్కుసూటిగా మోగుతుంది. ఊపంతా చేతిదే.

మరి స్ప్రింగులు ఎప్పుడొచ్చాయి? సుదూర టెలిఫోన్ తీగల్లో కలిగే ఆలస్యాన్ని ప్రయోగశాలలో అనుకరించడానికి బెల్ ల్యాబ్స్ మొదట ఈ స్ప్రింగులను తయారుచేసింది. హామండ్ కంపెనీ వాటిని తన ఆర్గన్లలో చర్చి గంభీరత కోసం పెట్టుకుంది. డేల్‌కు రివర్బ్ కావలసింది గిటార్‌కు కూడా కాదు, తన గొంతు పొడిగా ఉందని పాడటానికి అడిగాడు. 1961లో ఫెండర్ విడి రివర్బ్ పెట్టెను బయటికి తెచ్చింది. దానికి చేత్తో తిప్పే మరలు మూడే. డ్వెల్ అనేది స్ప్రింగులను ఎంత బలంగా కుదపాలో చెబుతుంది, మిక్స్ అనేది తడి ఎంత పొడి ఎంతో తేలుస్తుంది, మూడోది టోన్. గిటార్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్యలో దాన్ని కలుపుతారు కాబట్టి ప్రతిధ్వని కూడా గిటార్ శబ్దంతో పాటే ఆంప్లిఫయర్ మొత్తం గుండా వెళ్తుంది, అందుకే అంత ముందుకు దూకి వినిపిస్తుంది. ఆ పెట్టెను సర్ఫ్ సంగీతానికి ముద్రగా మార్చింది బడి పిల్లలు. శాంటా అనా హైస్కూల్ కుర్రాళ్ల షాంటేస్ బృందం కుకమోంగాలోని చిన్న పాల్ స్టూడియోలో రికార్డు చేసిన 'పైప్‌లైన్' 1963లో బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. మొదట్లో మందపు తీగ మీద టకటకా కిందికి జారే ఆ వరుసలో ప్రతి మీటుకూ బొట్టు రాలుతుంది.

ఇక 'మిసిర్లూ'. తూర్పు మధ్యధరా తీరాల పాత బాణీ, 1927లోనే గ్రీకులో రికార్డయింది. ఒకే తీగ మీద ఒక పాట మొత్తం వాయించగలవా అని ఒక కుర్రాడు సవాలు చేస్తే, బాబాయి ఊద్ మీద వాయించిన ఈ బాణీ గుర్తొచ్చి దాన్ని విపరీతమైన వేగంతో వాయించాడు డేల్. 1962లో రికార్డు వచ్చింది. మీటిన తీగ శబ్దం త్వరగా చచ్చిపోతుంది. స్వరాన్ని నిలబెట్టాలంటే ఊద్ వాద్యకారుడైనా, గిటార్ వాద్యకారుడైనా అదే స్వరాన్ని కిందికి పైకి ఆపకుండా మీటుతూ ఉండాలి. మిసిర్లూలో అది సెకనుకు పది మీట్లు దాటుతుంది.

నాలుగింటికి నేనూ మందపు తీగ పట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టాను. మోచేయి కదిలితే క్షణాల్లో భుజం పట్టేస్తుంది, మణికట్టు మాత్రమే కదలాలి. పిక్కు తీగకు నిటారుగా కాకుండా కాస్త ఏటవాలుగా ఉంటేనే చిక్కుకోకుండా జారుతుంది. ఎడమ చెయ్యి ఒకే తీగ మీద ముందుకూ వెనక్కూ పోతుంటుంది. పక్కింటి అమ్మాయి వాకిట్లో ఆగి విన్నది. సంగీతం క్లాసుకు వెళ్తోంది.

"అంకుల్, ఇది మాయామాళవగౌళ కదా?"

అవును మరి. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. అరబ్బు, తుర్కీ సంగీతాల్లో హిజాజ్‌కార్ అని పిలిచేది ఈ స్వరస్థానాలనే. మన పిల్లలు సరళీ స్వరాలు మొదలుపెట్టే రాగం, లెబనాన్ మీదుగా కాలిఫోర్నియా తీరంలో అలల మీది పిల్లల సంగీతమైంది. గమకాలు వేరు, నడక వేరు, కానీ మెట్లు అవే. అమ్మాయి సరిగమపదని పాడింది, నేను అదే తీగ మీద వెంట వెళ్లాను. ఎంత సంతోషం కలిగిందో!

సాయంత్రం స్నేహితుడు వచ్చాడు. ఆంప్లిఫయర్ పెట్టి, రివర్బ్ మర పూర్తిగా తిప్పి, మిసిర్లూ ఎత్తుకున్నాడు.

"సర్ఫ్ అంటే ఇదే కదా, ఈ నీళ్ల శబ్దమే," అన్నాడు.

"నీళ్లు ఎక్కడున్నాయి, విను," అన్నాను.

నిజంగానే లేవు. సెకనుకు పది మీట్లు పడుతుంటే ముందు మీటు ప్రతిధ్వని పూర్తికాకముందే తర్వాతి మీటు పడుతుంది. అంతా కలిసి ఒక హోరు అవుతుంది తప్ప బొట్టు విడిగా వినపడదు. స్వరాలే మసకబారతాయి. అరచేతి అంచును గిటార్ ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర ఆనించి, స్వరాన్ని పొట్టిగా తెంపి, మధ్యలో చోటు వదలమన్నాను. ఈసారి పైప్‌లైన్ మొదటి వరుస వాయించాడు. టిక్యూ, టిక్యూ. గదిలో ప్రతి బొట్టూ లెక్కపెట్టవచ్చు.

ఒకటి ఆపకుండా మీటడం కోరుతుంది, మరొకటి తెంపి మీటడం కోరుతుంది. రెండూ ఒకే తీరంలో ఒకటి రెండేళ్ల తేడాతో పుట్టాయి కాబట్టి మనం ఒకటిగా కలిపేసి వింటున్నాం. 1964లో బీటిల్స్ వచ్చాక సర్ఫ్ సంగీతం రేడియోలో వెలిగిన కాలం ముగిసింది, 1966లో రాందెవూ హాలు కాలిపోయింది. స్నేహితుడు మిసిర్లూ కోసం రివర్బ్ మరను సగానికి పైగా తగ్గించి గుర్తు పెట్టుకున్నాడు, పైప్‌లైన్‌కు పెంచి మరో గుర్తు పెట్టుకున్నాడు. వచ్చే వారం మందపు తీగల కట్ట ఒకటి తెచ్చుకుందామని అనుకున్నాం.