నీలి నీళ్లలో మేకు

మన బడి సైన్స్ గదిలో పరీక్షనాళికలు ఎనిమిదే ఉండేవి. 1998–99 పదో తరగతి బ్యాచ్‌లో మేం యాభై మందికి పైనే. అందుకని ప్రయోగం చేసేది సారు, చూసేది ముందు రెండు బెంచీలు, విని రాసుకునేది మిగతా అందరం. మైలుతుత్తం ప్రయోగం మాత్రం వెనక బెంచీ దాకా వచ్చింది. ఇనుప మేకును గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, దారం కట్టి నీలి ద్రావణంలోకి దించారు. ఇరవై నిమిషాల తర్వాత తీస్తే మేకు మీద ఎర్రగా రాగి పూత. ఇనుము ద్రావణంలోకి దిగి రాగిని బయటికి తోసేసిందని సారు చెప్పారు. ఆ రోజు దారం పట్టుకున్నది గుర్రంపోడు దిక్కు నుంచి సైకిల్ మీద వచ్చే బత్తాయి తోట వాళ్ల పిలగాడు. ఈ వ్యాసం వాడి గురించే. పేరు రాయొద్దన్నాడు. బ్యాచ్ వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు పేరుతో పని లేదు.

ఇంటర్ కాగానే హైదరాబాద్ పోయాడు. ఏవేవో కొలువులు చేసి, చివరికి 2017లో ఎల్బీనగర్ దగ్గర కర్రీ పాయింట్ పెట్టాడు. కూరలకు పేరే వచ్చింది. దెబ్బ తిన్నది లెక్క దగ్గర. రాత్రి గల్లాపెట్టెలో కనిపించిందంతా సంపాదన అనుకున్నాడు. అందులో రేపటి కూరగాయల పైసలు, నూనె దుకాణం బాకీ, ఇంటాయన కిరాయి కలిసి ఉన్నాయని నెలాఖరుకు తెలిసేది. ఆ సందు పూడ్చడానికి డైలీ ఫైనాన్స్ పట్టాడు. పది వేలని రాసుకుని, పదిహేను వందలు ముందే కోసి, 8,500 చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వింటే నూటికి పదిహేనే కదా అనిపిస్తుంది. కానీ మర్నాటి నుంచే అసలు వెనక్కి పోతూ ఉంటుంది కాబట్టి, వంద రోజులూ సగటున వాడి దగ్గర ఉన్నది నాలుగు వేల చిల్లరే. దాని మీద మూడు నెలల పది రోజులకు 1,500 అంటే మన ఊరి భాషలో నెలకు నూటికి పది రూపాయల మిత్తి. ఒక అప్పు కార్డు తీరకముందే ఇంకోటి తీసుకున్నాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడేనాటికి మూడు కార్డులు నడుస్తున్నాయి. కరోనా ముంచిందని వాడు ఎన్నడూ అనడు. అది రాకపోయినా ఇంకో ఏడాదికి షట్టర్ దించేవాణ్ణే అంటాడు. లెక్క చూస్తే అదే నిజం. ఫ్రిజ్, స్టవ్‌లు, గిన్నెలు అమ్మేసి, పెళ్లాం పిల్లలతో ఊరికి చేరాడు.

ఊళ్లో మూడెకరాల చెల్క. వాళ్ల నాయిన ఇరవై అడుగులకొకటి చొప్పున పెట్టిన సాత్గుడి బత్తాయి, మొత్తం మూడు వందల ఇరవై చెట్లు. పదిహేనేళ్ల తోట. వీడు వచ్చేనాటికి తొంభై చెట్లు కట్టెలైపోయి ఉన్నాయి. నిలబడినవాటిలో కొన్ని మాత్రం ఆకు కనపడకుండా పూత పట్టాయి. వాటిని చూసి వీడికి ఆశ పుట్టింది. మామూలుగా వచ్చే సీజన్ కాయకు కాకుండా, కాలం కాని కాలంలో తీసే కత్తెర కాయకు పోదామన్నాడు. కత్తెరకు ధర బాగుంటుంది, అప్పు తొందరగా తీరుతుంది. దానికి చెట్టుకు నీళ్లు ఆపి బెట్ట పెట్టాలి. చెల్కలో నెల రోజులు, నల్లరేగడిలో అయితే రెండు నెలల దాకా. తర్వాత పాదు తవ్వి, ఎరువేసి, మెల్లగా నీళ్లు మొదలుపెడితే పూత విరుచుకుపడుతుంది. ముసలాయన ఒప్పుకోలేదు.

“సచ్చే చెట్టే ఇరగబూస్తదిరా. అది పూత గాదు, ఆఖరి ఊపిరి.”

అది ముసలితనపు చాదస్తం కాదు. వేరుకుళ్లు పట్టిన బత్తాయి చేసే పని సరిగ్గా అదే. కింద వేరు చచ్చిపోతుంటే చెట్టు ఆకులు పసుపెక్కి రాలుతూ, ఉన్న బలమంతా పూతకూ పిందెకూ పెడుతుంది. కాయ ముదరకముందే కొమ్మలతో సహా ఎండుతుంది. అలాంటి చెట్టుకు బెట్ట పెడితే మిగిలిన వేర్లు కూడా పోతాయి. అనుమానముంటే పాదు అంచున జానెడు లోతు తవ్వి పిల్లవేరు పట్టి లాగి చూడాలి. మంచి వేరు బెరడు గట్టిగా పట్టుకుని ఉంటుంది. కుళ్లిన వేరుకు బెరడు తొడుగులా ఊడి చేతిలోకి వస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కంపు తెలుస్తుంది. వీడు పూతతో మురిపించిన చెట్ల దగ్గరే తవ్వి చూశాడు. అన్నిటిదీ అదే కథ.

ఆ ఎండాకాలం వాడు చేసిన మొదటి తెలివైన పని పైసా ఖర్చు లేనిది. కొడుకు గళ్ల నోటుబుక్కులో తోటను గీశాడు, గడికో చెట్టు. బాగున్నదానికి సున్నా, ఎండినదానికి ఇంటూ, బంక కారుతున్నదానికి సగం నింపిన సున్నా. రెండు సాయంత్రాలు పట్టింది. పూర్తయ్యాక చూస్తే ఇంటూలు తోటంతా చెదిరి లేవు, గీత గీసినట్టు వరుసలుగా ఉన్నాయి. బోరు కాడి నుంచి కాలువ ఎటు పోతే అటు ఇంటూలు. కాలువ ఎక్కని గట్టు వారన సున్నాలు.

సంగతి ఏమిటంటే, వాళ్ల తోటలో నీళ్లు ఒక పాదు నిండి పొర్లి పక్క పాదులోకి పోయేవి. బంక తెగులూ, వేరుకుళ్లూ తెచ్చే శిలీంధ్రం నీళ్లలో ఈదుతూ పోయే రకం. జబ్బు చెట్టు కాళ్లు కడిగిన నీళ్లే పక్క చెట్టుకు తాగించినట్టయింది. దానికి తోడు పాదు మధ్యలో మొదలు రోజంతా తడిలో నానేది. ఏటేటా ట్రాక్టర్‌తో దున్నడం వల్ల మొదళ్ల దగ్గర మట్టి ఎగబడి అంటు కట్టిన చోటు కూడా పూడిపోయింది. అంటు కింద ఉన్న రంగపూర్ నిమ్మ వేరు కొంత ఓర్చుకుంటుంది. పైనున్న సాత్గుడి బెరడు ఓర్చుకోదు. అందుకే మొక్క నాటేటప్పుడే అంటు జానెడు పైన ఉండాలంటారు.

ముందు ఆ మట్టి లాగేశాడు. మొదలు చుట్టూ రెండడుగుల దూరంలో ఒక కట్ట, కొమ్మల నీడ అంచున ఇంకో కట్ట వేసి, నీళ్లు ఆ రెంటి నడుమే నిలిచేలా చేశాడు. నీళ్లు తాగే పిల్లవేర్లు ఉండేది అక్కడే, మొదట్లో కాదు. నడి సాలులో పిల్లకాలువ తీసి ఒక్కో చెట్టుకు విడిగా గండి పెట్టాడు. పొర్లే పద్ధతికి అంతటితో సెలవు. డ్రిప్ అయితే ఇంత తవ్వే పని లేదు గానీ, అప్పటికి చేతిలో పైసలు లేవు, పార ఉంది.

తర్వాత మొదళ్లకు పూసే రాగి మందు, బోర్డో పేస్టు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ బకెట్లో ఐదు లీటర్లు పోసి, మైలుతుత్తాన్ని గుడ్డలో మూటకట్టి నీటి పైభాగాన మునిగేలా రాత్రంతా వేలాడదీయాలి. అడుగున పడేస్తే తొందరగా కరగదు. మిగతా ఐదు లీటర్లలో గుల్లసున్నం తడిపి, చల్లారాక వడగట్టాలి. రెంటినీ ఒకేసారి మూడో డ్రమ్ములోకి సన్నధారగా పోస్తూ కట్టెతో తిప్పాలి. ఇనుప గిన్నె, ఇనుప గరిటె తగలకూడదు.

మొదటిసారి వీడు ఇంట్లో వెల్లవేయగా ఎప్పుడో మిగిలిన సున్నం వాడాడు. పేస్టు నీలంగానే వచ్చింది, చూడ్డానికి బాగానే ఉంది. బంక గీకడానికి తెచ్చిన కొడవలిని మరిచిపోయి డ్రమ్ములో పెట్టాడు. కాసేపటికి తీస్తే మునిగినంత మేర ఎర్రగా ఉంది. తుప్పేమో అని వేలితో రుద్దాడు. తుప్పు పొడిగా రాలుతుంది, ఇది మెరుస్తోంది. అప్పుడు గుర్తొచ్చిందట సైన్స్ గదిలో దారం కట్టిన మేకు.

రాగి పూత పడిందంటే సున్నంతో కలవని మైలుతుత్తం ఇంకా అందులో ఉన్నట్టు. అదే పూస్తే బెరడు మాడుతుంది. తప్పు కొలతలో లేదు, సున్నంలో ఉంది. తెరిచి పెట్టిన సున్నం గాలికి మెల్లమెల్లగా సుద్దగా మారిపోతుంది, కిలో తూగుతుంది గానీ కిలో పని చేయదు. నల్లగొండ నుంచి కొత్త గుల్లసున్నం తెచ్చి, తడిపి, కొంచెం కొంచెంగా కలుపుతూ కొడవలి ముంచి చూశాడు. మూడోసారికి ఇనుము ఇనుములాగే బయటికొచ్చింది. పురుగుమందుల దుకాణంలో రెడీమేడ్ రాగి మందులు దొరుకుతాయి. కానీ ఆ పరీక్ష కుదిరాక వీడు వాటి జోలికి పోలేదు.

బంక కారే చోట కత్తితో గోధుమరంగు పోయి పచ్చి బెరడు కనపడేదాకా గీకి, నేల నుంచి మూడడుగుల దాకా పేస్టు పూశాడు. పది లీటర్లు ఇరవై చెట్లకు వచ్చింది. వానలకు ముందు ఒకసారి, వానలు వెనకబడ్డాక ఒకసారి. ఎండు కొమ్మల్ని రెండంగుళాల పచ్చి కలిపి కోసి, కోసిన మొహానికీ అదే.

అక్కడ ఇంకో పొరపాటు జరిగింది. పశువుల ఎరువు తొంభై కిలోలు, వేపపిండి పది కిలోలు, తెగుళ్లను అణిచే మంచి శిలీంధ్రం ట్రైకోడెర్మా రెండు కిలోలు కలిపి, తడిపి, నీడలో గోనె కప్పి పది రోజులు మాగబెట్టాడు. తెల్లగా, తర్వాత పచ్చగా బూజు అల్లుకుంది, అంటే బాగా కుదిరిందన్నమాట. దాన్ని తీసుకెళ్లి, రెండు రోజుల కిందటే పలచటి బోర్డో ద్రావణం పోసిన పాదుల్లో వేశాడు. చెడ్డ శిలీంధ్రాన్ని చంపే రాగి, మంచి శిలీంధ్రాన్ని వదిలిపెడుతుందా? ఎరువు విలువ తప్ప ఏమీ దక్కలేదు. ఇప్పుడు రెంటికీ మధ్య కనీసం మూడు వారాలు ఎడం ఇస్తున్నాడు.

ఆ ఏడు సీజన్ కాయ కూడా తీయలేదు, పిందె దులిపేశాడు. సాళ్ల నడుమ పెసలు వేశాడు. వంగ, టమాట వేద్దామని ఇంట్లో అన్నారు గానీ, వాటితో నులిపురుగులు వేర్లకు ఎక్కుతాయని వద్దన్నాడు. పూట గడిచింది పెసలతో కాదు, కొడవలితో. కొడవలి ముంచి చూపించే పిలగాడని పక్క తోటల వాళ్లు పిలవడం మొదలుపెట్టారు. సరుకు వాళ్లది, కలపడం, గీకడం, పూయడం వీడిది, చెట్టుకు పన్నెండు రూపాయలు. డైలీ ఫైనాన్స్ వాళ్ల బాకీ ఆ పన్నెండు రూపాయలతోనే రెండేళ్లకు తీరింది. ఈసారి ఏ పైసా ఎవరిదో నోటుబుక్కులో వేరువేరు పేజీల్లో రాశాడు.

మొదటి ఏడు ఇంకో పద్దెనిమిది చెట్లు పోయాయి. ఎవరు పిలిచినా ఫోను ఎత్తనంత దిగులు పడ్డాడు. రెండో ఏడు నాలుగే పోయాయి. మూడో ఏడు సీజన్‌కు చెట్టుకు నలభై అయిదు కిలోల లెక్కన తొమ్మిది టన్నుల పైన దిగింది. మంచి తోటకు అది తక్కువే. పోయిన చెట్ల గుంతల్లో పాత వేర్లు ఏరి, ఎండాకాలమంతా తెరిచి ఎండబెట్టి, నలభై మొక్కలు మళ్లీ నాటాడు. మిగతా గుంతలు ఖాళీగానే ఉన్నాయి, తొందర లేదంటాడు.

మొన్నటి పూర్వ విద్యార్థుల సమావేశానికి వాడు మధ్యాహ్నం భోజనాల వేళకు గానీ రాలేదు. కానగల్ దిక్కు ఒక తోటలో పొద్దున్నే సున్నం తడిపారట. కలిపిన పేస్టు ఆ రోజే అయిపోవాలి, రాత్రి నిలవ ఉంటే బెరడుకు పట్టదు. విస్తరి ముందు కూర్చున్నప్పుడు కూడా గోళ్ల సందున నీలం పోలేదు.