400కా, 500కా, 2,000కా: ఒకసారి నన్ను ఫెయిల్ చేసిన లెక్క

మొన్న ఫలితాలు వచ్చాయి. కాస్టింగ్ పేపర్ గట్టెక్కింది. కిందటిసారి ఇదే పేపర్ మూడు మార్కుల తేడాతో పోయింది కాబట్టి, ఈసారి మార్కుల జాబితాలో ఆ వరుసను నాలుగుసార్లు చదువుకున్నాను. సిలబస్ మొత్తం ఎలా పూర్తి చేశానో ఇక్కడ రాయను. మిగతా చాప్టర్లు అందరూ చదివినట్టే చదివాను, అందరూ మరిచిపోయినట్టే మరిచిపోయి మళ్లీ చదివాను. ఆ మూడు మార్కులు ఎక్కడ జారిపోయాయో మాత్రం నాకు కచ్చితంగా తెలుసు. ఇన్వెంటరీలో క్వాంటిటీ డిస్కౌంట్ లెక్క. రాసేదంతా దాని గురించే.

లెక్క స్వరూపం మీకు తెలిసిందే. గుర్తుండేలా అంకెలను కాస్త సర్ది చెబుతున్నాను, కరెన్సీ మీకు నచ్చింది వేసుకోండి. ఏడాదికి కావలసిన సరుకు 4,000 యూనిట్లు. ఒక్కో ఆర్డరుకు అయ్యే ఖర్చు 200. నిల్వ ఖర్చు ఏడాదికి యూనిట్ ధరలో 20 శాతం. సరఫరాదారు ఇచ్చిన ధరలు మూడు: 499 యూనిట్ల వరకు ఆర్డరిస్తే యూనిట్‌కు 50, 500 నుంచి 1,999 వరకు 48, 2,000 అంతకంటే ఎక్కువైతే 47.50. ప్రతిసారీ ఎంత ఆర్డరు పెట్టాలి?

మొదటి ప్రయత్నంలో నేను చేసింది ఇది. 50 ధర మీద యూనిట్‌కు నిల్వ ఖర్చు C = 10, కాబట్టి ఆర్డరింగ్, నిల్వ ఖర్చుల మొత్తం అన్నిటికంటే తక్కువయ్యే ఆర్డరు పరిమాణం, అంటే ఈఓక్యూ, EOQ = √(2AO/C) = √(2 × 4000 × 200 / 10) = 400. ఇక్కడి దాకా బాగానే ఉంది. 400 యూనిట్ల దగ్గర కొనుగోలు ఖర్చు 2,00,000, ఆర్డరింగ్ 2,000, నిల్వ 2,000, మొత్తం 2,04,000. తరువాత నేరుగా 2,000 యూనిట్ల దగ్గరికి దూకాను. కొనుగోలు 1,90,000, ఆర్డరింగ్ 400, నిల్వ 9,500, మొత్తం 1,99,900. ఏడాదికి 4,100 మిగులుతుంది కనుక 2,000 ఆర్డరు పెట్టాలని రాసి, జవాబు చుట్టూ గడి గీసి, కింద రెండు గీతలు కూడా గీశాను. హాలు నుంచి బయటికి వస్తూ ఈ లెక్కకు పూర్తి మార్కులు వేసేసుకున్నాను కూడా.

మధ్య స్లాబును ఎందుకు వదిలేశానని తరువాత చాలామంది అడిగారు. పేపర్ పెద్దది, సమయం తక్కువ అని వాళ్లకు చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, డిస్కౌంట్ తీసుకోవడం లాభమే అని ఒకసారి తేలితే అన్నిటికంటే పెద్ద డిస్కౌంటే అన్నిటికంటే పెద్ద లాభమని నేను నమ్మేశాను. పరీక్షకు ముందు నేను చేసిన మాదిరి లెక్కల్లో చివరి స్లాబే గెలిచింది. అందులో నా తప్పు లేదని ఇప్పటికీ అంటాను. కానీ 500 దగ్గర మూడు అంకెలు వేసి చూడకపోవడం మాత్రం నా తప్పే.

వేసి ఉంటే ఇలా వచ్చేది. 500 దగ్గర కొనుగోలు 1,92,000. ఏడాదికి ఎనిమిది ఆర్డర్లు కనుక ఆర్డరింగ్ 1,600. సగటు నిల్వ 250, యూనిట్‌కు నిల్వ ఖర్చు 9.60 కనుక 2,400. మొత్తం 1,96,000. నేను గడి గీసి రాసిన జవాబు కంటే ఇది 3,900 తక్కువ.

ఎందుకిలా జరిగిందో అర్థం చేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈఓక్యూ చుట్టూ మొత్తం ఖర్చు వక్రరేఖ దాదాపు చదునుగా ఉంటుంది. 400 నుంచి 500కు జరిగితే ఆర్డరింగ్ 400 తగ్గుతుంది, నిల్వ 400 పెరుగుతుంది, ఆ రెండింటి మొత్తం అదే 4,000 దగ్గర నిలుస్తుంది. కొనుగోలులో తగ్గిన 8,000 పూర్తిగా మన చేతికి వస్తుంది. అదే 500 నుంచి 2,000కు వెళ్తే కథ మారిపోతుంది. కొనుగోలులో ఇంకో 2,000, ఆర్డరింగ్‌లో 1,200 కలిపి 3,200 తగ్గుతుంది, నిల్వ మాత్రం 2,400 నుంచి 9,500కు ఎగబాకుతుంది. యూనిట్‌కు 0.50 తగ్గింపు కోసం గోదామును నాలుగింతలు నింపుకున్నట్టు లెక్క. మొదటి మెట్టు ఎక్కితే లాభం వచ్చింది కదా అని రెండోది ఎక్కకూడదు. ప్రతి మెట్టుకూ విడిగా లెక్క వేయాల్సిందే.

నాతో కలిసి చదివిన మిత్రుడు దీనికి సరిగ్గా ఎదురు తప్పు చేశాడు. అతను కొనుగోలు ఖర్చును లెక్కలోకే తీసుకోలేదు. ఆర్డరింగ్, నిల్వ మాత్రమే కూడితే 400 దగ్గర 4,000, 500 దగ్గర 4,000, 2,000 దగ్గర 9,900 వస్తాయి. మొదటి రెండూ సమానం కనుక తక్కువ సరుకు మేలని 400 రాశాడు. అలవాటు అతన్ని మోసం చేసింది. మామూలు ఈఓక్యూ లెక్కలో కొనుగోలు ఖర్చును వదిలేస్తాం, ఎంత ఆర్డరు పెట్టినా ధర మారదు కనుక అది ఏ వరుసలో చూసినా ఒకటే. 1913లో ఫోర్డ్ హారిస్ ఈ సూత్రాన్ని ఇచ్చినప్పుడు కూడా యూనిట్ ధర స్థిరమనే అనుకున్నాడు. ధర ఆర్డరు పరిమాణంతో మారిన క్షణం నుంచి కొనుగోలు ఖర్చుదే పెద్దరికం.

రెండోసారి చదివేటప్పుడు నేను పద్ధతిని తలకిందులు చేశాను. 50 దగ్గర మొదలుపెట్టడం మానేసి, అన్నిటికంటే తక్కువ ధర దగ్గర మొదలుపెట్టాను. 47.50 ధరకు ఈఓక్యూ వేస్తే దాదాపు 410 వస్తుంది. ఆ ధర 2,000 నుంచే ఇస్తారు కనుక 410 చెల్లదు, ఆ స్లాబుకు ప్రతినిధి 2,000. తరువాత 48 ధరకు వేస్తే 408, అదీ 500 లోపే ఉంది కనుక చెల్లదు, ప్రతినిధి 500. చివరికి 50 ధరకు 400, ఇది తన స్లాబులోనే ఉంది కనుక చెల్లుతుంది. చెల్లే ఈఓక్యూ దొరికిన చోట ఆగిపోవాలి. దానినీ, అంతకంటే తక్కువ ధరల ప్రతినిధులనూ మాత్రమే పోల్చాలి.

ఇందులో అసలు లాభం ముందే ఆగిపోగలగడం. మధ్య స్లాబు 500కు బదులు 400 దగ్గరే మొదలైందనుకోండి. అప్పుడు 48 ధరకు వచ్చిన 408 చెల్లుతుంది, మొత్తం ఖర్చు సుమారు 1,95,919. ఇక 50 ధర వైపు తల తిప్పనవసరం లేదు. ఏ పరిమాణం తీసుకున్నా తక్కువ ధర వక్రరేఖ ఎక్కువ ధర వక్రరేఖకు కిందే ఉంటుంది. కింది రేఖలో అట్టడుగు బిందువు దొరికాక పై రేఖలో అంతకంటే చవక బిందువు ఉండే అవకాశమే లేదు. మిగిలేది 2,000తో ఒక్క పోలిక. ఈ కారణాన్ని ఒక వాక్యంలో రాస్తే పేపర్ దిద్దేవారికి మీరు 50 వరుసను మరిచిపోయి వదలలేదని తెలుస్తుంది. నేను రాశాను.

నిల్వ ఖర్చు దగ్గర ఇంకో గుంట ఉంది. అది ధరలో శాతంగా ఇస్తే ప్రతి ధరకూ C మారుతుంది, కాబట్టి ఈఓక్యూ కూడా మారుతుంది. ఒక మాక్ పరీక్షలో మధ్య స్లాబు 405 దగ్గర మొదలైంది. పాత C వాడినవాళ్లకు 400 వచ్చింది, చెల్లదని 405 తీసుకున్నారు. సరైన C వేస్తే 408 వస్తుంది, అది చెల్లుతుంది. రెండు జవాబుల మధ్య ఏడాది మొత్తానికి తేడా ఒక్క రూపాయి కూడా లేదు, వక్రరేఖ అంత చదునుగా ఉంది. అయినా మార్కులు పోయాయి, పద్ధతి తప్పు కనుక అది న్యాయమే. అదే నిల్వ ఖర్చును యూనిట్‌కు ఇంత అని స్థిరంగా ఇస్తే అన్ని ధరలకూ ఒకటే ఈఓక్యూ. అది ఏ స్లాబులో పడిందో చూసి, దాని పైనున్న మెట్లతో పోలిస్తే సరిపోతుంది. ప్రశ్న చదవగానే శాతమా, స్థిరమా అన్న మాట కింద గీత గీయండి.

రెండో గీత డిస్కౌంట్ దేనికి వర్తిస్తుందో చెప్పే వాక్యం కింద పడాలి. ఇప్పటిదాకా చెప్పింది ఆర్డరులోని అన్ని యూనిట్లకూ తక్కువ ధర వర్తించే పద్ధతి. హద్దు దాటిన యూనిట్లకు మాత్రమే తక్కువ ధర అంటే లెక్క వేరు. మన అంకెల్లోనే చూడండి. మొదటి 499 యూనిట్లకు 50 చొప్పున కట్టి, ఆపైన 48 కడతాం. అంటే ప్రతి ఆర్డరుకూ 499 × 2 = 998 అదనంగా చెల్లించి, సరుకంతా 48కి కొన్నట్టే. ఆ 998ను ఆర్డరు ఖర్చులో కలిపితే 1,198 అవుతుంది, ఈఓక్యూ 408 నుంచి సుమారు 999కి పెరుగుతుంది. జవాబు 500 కాదు, దాదాపు వెయ్యి. ఈ రకంలో హద్దు దగ్గర ఆగడం ఎప్పుడూ లాభం కాదు, అక్కడ ఒక్క యూనిట్‌కే తగ్గింపు దక్కుతుంది కదా.

మిగతా పేపర్ గురించి రెండు ముక్కలు. స్టాండర్డ్ కాస్టింగ్ రోజూ చేశాను, ప్రాసెస్ కాస్టింగ్ చివరి వారంలో తిరగేశాను, థియరీ ఎప్పటిలాగే దేవుడి మీద భారం వేశాను. ఈ ఒక్క రకం లెక్కలు మాత్రం అరవై పైన చేసి ఉంటాను. ప్రతిదానికీ నాలుగు గడుల పట్టిక గీశాను: కొనుగోలు, ఆర్డరింగ్, నిల్వ, మొత్తం. మొదటి గడి ఖాళీగా ఉంటే పెన్ను కింద పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను. ఇంట్లోవాళ్లకు పిచ్చిగా అనిపించింది. అనిపించనీ.

ఈసారి ప్రశ్నలో మొదటి భాగం దాదాపు ఇదే, మధ్య స్లాబే గెలిచింది. రెండో భాగం కొత్తది. 2,000 చొప్పున కొనాలంటే సరఫరాదారు ధరను ఎంతకు దించాలి? మన అంకెల్లో చెబుతాను. ధర p అనుకుంటే కొనుగోలు 4,000p, ఆర్డరింగ్ 400, నిల్వ 1,000 × 0.20p, అంటే 200p. 4,200p + 400 అనేది 1,96,000 కంటే తక్కువ కావాలి. p సుమారు 46.57 లేదా అంతకంటే తక్కువైతేనే 2,000 వైపు చూడాలి. సరఫరాదారు ఇస్తానన్న 47.50 అందుకు చాలా దూరంలో ఉంది.

బయటికి వచ్చాక మిత్రుడు తన జవాబు చెప్పాడు. దాన్ని ఇదే అంకెల్లోకి మారిస్తే 46.53 దగ్గర వస్తుంది. ఈసారి కొనుగోలు ఖర్చు మరిచిపోలేదు, కానీ ధర దిగితే దానితోపాటు నిల్వ ఖర్చు కూడా దిగుతుందని మరిచి 9,500ను అలాగే ఉంచేశాడు. నాలుగు పైసల తేడాకు ఎవరైనా మార్కులు కోస్తారా అని మెట్ల మీద చాలాసేపు వాదించాడు. కోస్తారని నేను చెప్పలేదు. 405 గురించి కూడా ఎత్తలేదు.